‘ఉన్నట్టుండి లాగౌట్ అవుతోంది’ అనే ఫిర్యాదును బగ్ టికెట్‌గా ఎలా రాయాలి

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి వేలం అయిపోయి తూకాలు నడుస్తున్న వేళ. ఒక కమీషన్ కొట్టు గుమాస్తా సపోర్టుకు ఫోన్ చేస్తాడు. “సార్, తక్‌పట్టీ కొడతాంటే మధ్యలో బయటికి తోసేస్తాంది. మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతాంది. రోజూ కాదు, ఎప్పుడు తోస్తాదో తెలీదు. రైతు ఎదురుగా నిలబడి ఉన్నాడు.”

ఈ ఫోన్ నుంచి పుట్టే టికెట్ చాలాసార్లు ఒక్క వాక్యంగానే ఉంటుంది: ‘యూజర్ అప్పుడప్పుడు లాగౌట్ అవుతున్నాడు, దయచేసి చూడండి’. దాన్ని తెరిచిన డెవలపర్ తన మెషీన్‌లో లాగిన్ అయి అరగంట వాడి చూస్తాడు. ఏమీ జరగదు. ‘మా దగ్గర రావడం లేదు’ అని మూసేస్తాడు. అతని తప్పేమీ లేదు. అతను వాడిన తీరులో ఆ బగ్ నిజంగానే రాదు. ఏ తీరులో వాడితే వస్తుందో రాసివ్వడం మన పని.

ఇక్కడ ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా పట్టుకుపోదాం. కమీషన్ కొట్ల కోసం బ్రౌజర్‌లో నడిచే ఒక బిల్లింగ్ అప్లికేషన్ ఉందనుకోండి. గుమాస్తా ఒక ట్యాబులో లాట్ల ఎంట్రీ పెడతాడు, పక్క ట్యాబులో రైతుకు ఇచ్చే లెక్క చీటీలైన తక్‌పట్టీలు ప్రింట్ తీస్తాడు. 30 నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే అప్లికేషన్ దానంతటదే లాగౌట్ చేయాలన్నది రాతపూర్వకంగా ఉన్న నియమం.

ముందు అది బగ్గేనా అని తేల్చుకోండి

ఆ 30 నిమిషాల నియమం దగ్గరే సగం ఫిర్యాదులు దారి తప్పుతాయి. టీకి పోయి ముప్పావు గంట తర్వాత వచ్చిన మనిషిని అప్లికేషన్ బయటికి పంపితే అది సరిగ్గా పనిచేసినట్టే. కాబట్టి మొట్టమొదట అడగాల్సింది, లాగౌట్ కాకముందు చివరిసారి దేన్నైనా నొక్కి ఎంతసేపైంది అని. 30 నిమిషాలు దాటిందంటే టికెట్ అక్కర్లేదు, నియమం వివరించి చెబితే చాలు. దాటలేదంటే ముందుకు పోండి.

రెండోది, అదే లాగిన్‌తో ఇంకో కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఎవరైనా ఉన్నారా? కొన్ని అప్లికేషన్లు ఒక పేరుతో ఒక్కచోటే లాగిన్ ఉండనిస్తాయి. యజమాని ఇంటి దగ్గర ఫోన్‌లో లాగిన్ అయితే కొట్టులో గుమాస్తా బయటికి వస్తాడు. మీ అప్లికేషన్‌లో అలాంటి నియమం ఉందో లేదో ముందే తెలుసుకుని పెట్టుకోండి.

మూడోది చిన్నదే గానీ మరవద్దు. కంప్యూటర్ గడియారాన్ని ఫోన్ గడియారంతో పోల్చి చూడమనండి. పాత డెస్క్‌టాప్‌లో బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైము తప్పుతుంది. కొన్ని అప్లికేషన్లు లాగిన్ గడువును ఆ కంప్యూటర్ గడియారంతోనే లెక్కేస్తాయి. పది నిమిషాలు ముందుకు నడిచే గడియారం ఉన్నచోట పది నిమిషాలు ముందే గడువు తీరినట్టు కనిపిస్తుంది. అది వేరే సమస్య, వేరే టికెట్.

ఫోన్లో ఏం అడగాలి

‘ఏమైంది’ అని అడిగితే ‘లాగౌట్ అయింది’ అనే జవాబే వస్తుంది. అది మనకు తెలిసిందే. లాగౌట్‌కు ముందు ఒకటి రెండు నిమిషాల్లో చేతులు ఏం చేశాయో కావాలి. మాటలు ఇలా నడిపించండి.

“అన్నా, బయటికి వచ్చేముందు చివరగా ఏ బటన్ నొక్కినావు?”

“లాట్ ఎంట్రీ సేవ్ కొట్టినా సార్.”

“సేవ్ కొట్టగానే బయటికొచ్చిందా, ఇంకేమన్నా చేసినాకనా?”

“సేవ్ కొట్టి, అది తిరుగుతా ఉంటే పక్క దాంట్లోకి పోయి తక్‌పట్టీ తెరిచినా. అప్పుడు వచ్చింది.”

“సేవ్ కొట్టకముందు కంప్యూటర్ ఎంతసేపు ఖాళీగా ఉండింది?”

“తూకం కాడ ఉంటి. ఇరవై నిమిషాలు ఉంటాదేమో.”

టికెట్‌కు కావాల్సిన మూడు సంగతులు ఈ మూడు జవాబుల్లో ఉన్నాయి: ఇరవై నిమిషాల ఖాళీ, రెండు ట్యాబులు, ఒక దాంట్లో పని పూర్తి కాకముందే రెండో దాంట్లో నొక్కడం. ఇవి వినగానే టికెట్ రాసేయకండి. ఇదే ఫిర్యాదు చేసిన మరో ముగ్గురు నలుగురికి ఫోన్ చేసి ఇవే మూడు ప్రశ్నలు అడగండి. ‘రెండు ట్యాబులు తెరిచారు కదా’ అని జవాబును మీరే అందించవద్దు, చాలామంది అవునంటారు. ‘అప్పుడు ఎన్ని తెరిచి ఉన్నాయి’ అని అడగండి. ఒకే ట్యాబు వాడేవాళ్లలో ఒక్కరికీ రాక, రెండు ట్యాబులు వాడేవాళ్లకే వస్తోందంటే పట్టుకోవాల్సిన కొస దొరికినట్టే.

ఈ బగ్‌లో మోసపోయే చోటు ఒకటుంది. లాగౌట్ జరిగిన ప్రతిసారీ ముందు కొంత ఖాళీ సమయం ఉంటుంది. దాంతో సపోర్టులో ఉన్నవాళ్లు ‘ఓహో, ఖాళీగా వదిలేశారు, అందుకే’ అని ముగించేస్తారు. ఖాళీ ఉందన్నది నిజమే. కానీ ఆ ఖాళీ 15 నిమిషాలు దాటి 30 లోపే ఉంది. నియమం చెప్పేది 30. ఆ తేడాను నిమిషాలతో సహా రాయకపోతే టికెట్ నిలబడదు.

లోపల ఏం జరుగుతోంది

టికెట్‌లో కారణం రాయాల్సిన పని లేదు. కానీ ఈ రకం లాగౌట్ ఎందుకు అప్పుడప్పుడే వస్తుందో తెలిస్తే దాన్ని కావాలన్నప్పుడు తెప్పించడం తేలికవుతుంది.

చాలా అప్లికేషన్లలో లాగిన్ కాగానే సర్వరు రెండు టోకెన్లు ఇస్తుంది. ఒకటి యాక్సెస్ టోకెన్. యార్డు గేటు దగ్గర చూపించే రోజు పాస్ లాంటిది, ఆయుష్షు తక్కువ. మన ఉదాహరణలో 15 నిమిషాలు. రెండోది రిఫ్రెష్ టోకెన్. పాస్ గడువు తీరితే దీన్ని చూపించి కొత్త పాస్ తెచ్చుకోవచ్చు. వాడేవాళ్లకు ఇదేమీ కనపడదు, తెర వెనక బ్రౌజరే చేసుకుంటుంది.

భద్రత కోసం చాలా సర్వర్లు రిఫ్రెష్ టోకెన్‌ను ఒక్కసారే చెల్లనిస్తాయి. వాడగానే పాతది రద్దయి, కొత్తది చేతికొస్తుంది. రద్దయిన టోకెన్‌తో మళ్లీ ఎవరైనా వస్తే సర్వరు దాన్ని దొంగతనంగా భావించి ఆ లాగిన్ మొత్తాన్ని రద్దు చేస్తుంది. ఇది మంచి ఏర్పాటే. బ్రౌజర్‌లో నడిచే అప్లికేషన్ల విషయంలో 2025 జనవరిలో వచ్చిన OAuth భద్రతా సూచనల పత్రం RFC 9700 కూడా రిఫ్రెష్ టోకెన్‌ను ఇలా మారుస్తూ ఉండాలని, లేదంటే దాన్ని పొందిన అప్లికేషన్‌కే కట్టుబడి ఉండేలా చేయాలని చెబుతుంది. కాబట్టి ‘ఈ తనిఖీ తీసేయండి’ అని టికెట్‌లో అడగకండి.

ఇప్పుడు గుమాస్తా దగ్గరికి రండి. ఇరవై నిమిషాల ఖాళీలో పాస్ గడువు తీరింది. అతను మొదటి ట్యాబులో సేవ్ నొక్కాడు. ఆ ట్యాబు రిఫ్రెష్ టోకెన్ పట్టుకుని సర్వరు దగ్గరికి పోయింది. జవాబు ఇంకా దారిలో ఉండగానే రెండో ట్యాబులో నొక్కాడు. అదీ అదే పాత టోకెన్‌తో పోయింది. సర్వరు దృష్టిలో అది అప్పటికే వాడేసిన టోకెన్. రెండు ట్యాబులనూ బయటికి పంపేసింది.

మొదటి ట్యాబుకు జవాబు చేరేలోపు రెండోది నొక్కితేనే ఇది జరుగుతుంది. డెవలపర్ కూర్చున్నచోట ఫైబర్ నెట్ ఉంటే ఆ సందు సెకనులో ఐదో వంతు కూడా ఉండదు, చేతితో అంత వేగంగా రెండు ట్యాబుల్లో నొక్కలేం. యార్డులో వందలమంది ఒకే టవరు మీద ఉన్న పొద్దుటిపూట, ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే కంప్యూటర్‌లో అదే జవాబు రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది. అక్కడ సందు చాలా పెద్దది. ఆఫీసులో రాకుండా కొట్టులోనే రావడానికి కారణం అదే. మనమూ మన దగ్గర ఆ సందును పెద్దది చేసుకోవాలి.

మీ దగ్గర తెప్పించడం

అసలు సర్వరు మీద ప్రయత్నిస్తే ఒక్కోసారికీ 15 నిమిషాలు కాచుకోవాలి. ఇరవై ప్రయత్నాలకు ఐదు గంటలు. టెస్ట్ సర్వరులో యాక్సెస్ టోకెన్ ఆయుష్షును 1 నిమిషానికి తగ్గించమని డెవలపర్లను అడగండి. అప్పుడు ఒక్కో ప్రయత్నం రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇలా తగ్గించి పరీక్షించినట్టు టికెట్‌లో తప్పకుండా రాయండి. తర్వాత అసలు సర్వరు మీద, 15 నిమిషాలు కాచుకుని, కనీసం రెండుసార్లు తెప్పించి చూపండి. లేకపోతే ‘ఆయుష్షు తగ్గించినందుకే వచ్చింది’ అనే మాట వస్తుంది.

ఒకే క్రోమ్ విండోలో రెండు ట్యాబులు తెరవండి. ఒకటి క్రోమ్‌లో, ఇంకొకటి వేరే బ్రౌజర్‌లో తెరిస్తే ఈ బగ్ రాదు, ఎందుకంటే రెండింటి కుకీలు వేర్వేరు, టోకెన్లూ వేర్వేరు. ఒకటి మామూలు విండో, ఒకటి ఇన్‌కాగ్నిటో అయినా అంతే. ఈ పొరపాటుతో రోజంతా పోగొట్టుకోవచ్చు.

ప్రతి ట్యాబులోనూ F12 నొక్కి `Network` తెరవండి. అందులో `Preserve log` టిక్ పెట్టండి. ఇది పెట్టకపోతే లాగిన్ పేజీ రాగానే అంతకుముందు జరిగిన వరసంతా తుడిచిపెట్టుకుపోతుంది, మనకు కావాల్సింది సరిగ్గా అదే. తర్వాత అక్కడే వేగం ఎంచుకునే చోట `3G` పెట్టండి. పాత క్రోమ్‌లో దీని పేరు `Slow 3G`. దీంతో ప్రతి జవాబు సుమారు రెండు సెకన్లు ఆలస్యమవుతుంది. వేగం తగ్గించడం ఆ ఒక్క ట్యాబుకే, అదీ F12 ప్యానెల్ తెరిచి ఉన్నంతసేపే వర్తిస్తుంది, కాబట్టి రెండింట్లోనూ పెట్టండి, ప్యానెల్ మూయకండి.

ఇక ఒక్కో అంశాన్నే మారుస్తూ ప్రయత్నాలు లెక్కపెట్టండి. రెండు అంశాలు ఒకేసారి మారిస్తే దేనివల్ల వచ్చిందో తెలియదు. మన ఉదాహరణలో లెక్క ఇలా వచ్చిందనుకుందాం:

- ఒకే ట్యాబు, `3G`: 20 ప్రయత్నాల్లో 0
- రెండు ట్యాబులు, మామూలు నెట్: 20 ప్రయత్నాల్లో 1
- రెండు ట్యాబులు, `3G`, ఒక సెకను తేడాతో నొక్కడం: 10 ప్రయత్నాల్లో 9
- రెండు ట్యాబులు, `3G`, పది సెకన్ల తేడాతో నొక్కడం: 10 ప్రయత్నాల్లో 0

ఈ నాలుగు వరసలు టికెట్‌కు ప్రాణం. మొదటిది నెట్ నెమ్మదిగా ఉన్నంత మాత్రాన లాగౌట్ కాదని చెబుతుంది. రెండోది డెవలపర్‌కు ఎందుకు కనపడలేదో చెబుతుంది. చివరిది ట్యాబులు రెండు ఉన్నంత మాత్రాన కూడా కాదని, రెండూ ఒకే సందులో నొక్కితేనే అని చెబుతుంది. సున్నా వచ్చిన వరసల్ని ‘ఏమీ రాలేదు కదా’ అని వదిలేసేవాళ్లు ఎక్కువ. నా లెక్కలో తొమ్మిది వచ్చిన వరస కంటే సున్నా వచ్చిన వరసలే ఎక్కువ విలువైనవి, డెవలపర్ వెతకక్కర్లేని చోట్లను అవే మూసేస్తాయి.

టికెట్ రాయడం

ఇప్పుడు రాయండి. శీర్షికలో ఏ పరిస్థితిలో ఏం జరుగుతుందో రెండూ ఉండాలి. ‘లాగౌట్ సమస్య – అర్జెంట్’ అని పెడితే వారం తర్వాత వెతికినా దొరకదు, అలాంటివే ఇంకో పది ఉంటాయి.

> శీర్షిక: 15 నిమిషాల ఖాళీ తర్వాత రెండు ట్యాబుల్లో వెంటవెంటనే నొక్కితే లాగౌట్ అవుతోంది, సేవ్ చేసిన లాట్ పోతోంది
>
> ఎక్కడ: అసలు సర్వరు, టెస్ట్ సర్వరు రెండింట్లోనూ. విండోస్ 10, క్రోమ్. (క్రోమ్ వెర్షన్, అప్లికేషన్ వెర్షన్ ఇక్కడ అంకెలతో.)
>
> ముందుగా ఉండాల్సినవి: గుమాస్తా హక్కులున్న ఒక టెస్ట్ లాగిన్. అదే లాగిన్ ఇంకెక్కడా తెరిచి ఉండకూడదు. టెస్ట్ సర్వరులో యాక్సెస్ టోకెన్ ఆయుష్షు 1 నిమిషం (అసలు సర్వరులో 15 నిమిషాలు).
>
> తెప్పించే వరస:
> 1. క్రోమ్‌లో లాగిన్ అయి లాట్ ఎంట్రీ పేజీ తెరవండి. ఇది ట్యాబ్ A.
> 2. అదే విండోలో కొత్త ట్యాబ్ తెరిచి తక్‌పట్టీల పేజీకి వెళ్లండి. ఇది ట్యాబ్ B.
> 3. రెండింట్లోనూ F12, `Network`, `Preserve log` టిక్, వేగం `3G`.
> 4. ట్యాబ్ A లో ఒక లాట్ వివరాలు నింపండి. సేవ్ నొక్కవద్దు.
> 5. టెస్ట్ సర్వరు అయితే 70 సెకన్లు, అసలు సర్వరు అయితే 16 నిమిషాలు దేన్నీ ముట్టుకోకుండా ఆగండి.
> 6. ట్యాబ్ A లో సేవ్ నొక్కండి.
> 7. ఒక సెకను లోపు ట్యాబ్ B కి మారి, జాబితాలో మొదటి తక్‌పట్టీ నొక్కండి.
> 8. ఐదు సెకన్లు ఆగి రెండు ట్యాబులూ చూడండి.
>
> రావాల్సింది: ట్యాబ్ A లో లాట్ సేవ్ కావాలి. ట్యాబ్ B లో తక్‌పట్టీ తెరుచుకోవాలి. ఖాళీ సమయం 30 నిమిషాలు దాటలేదు కాబట్టి లాగిన్ అలాగే ఉండాలి.
>
> వచ్చింది: ట్యాబ్ B లాగిన్ పేజీకి వెళ్లింది, ‘మీ సెషన్ ముగిసింది’ అనే సందేశం వచ్చింది. ట్యాబ్ A లో సేవ్ చక్రం తిరుగుతూ ఉండి, అదీ లాగిన్ పేజీకి వెళ్లింది. మళ్లీ లాగిన్ అయి చూస్తే ఆ లాట్ జాబితాలో లేదు.
>
> ఎన్నిసార్లు: పై వరసలో 10 లో 9. ఒకే ట్యాబుతో 20 లో 0. `3G` పెట్టకుండా 20 లో 1. పది సెకన్ల తేడాతో నొక్కితే 10 లో 0. అసలు సర్వరులో పై వరసే, 2 లో 2.
>
> ఎవరికి ఇబ్బంది: రెండు ట్యాబులు వాడే కొట్లకు. తూకం ముగిసి తక్‌పట్టీలు తీసే వేళలో. పోయిన లాట్‌ను మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి.

ఐదో మెట్టు చూడండి. ‘కాసేపు ఆగండి’ అని రాసి ఉంటే ఒకరు పది సెకన్లు ఆగుతారు, ఇంకొకరు గంట ఆగుతారు. పది సెకన్లు ఆగినవారికి బగ్ రాదు. గంట ఆగినవారికి లాగౌట్ వస్తుంది, కానీ అది నియమం ప్రకారం వచ్చిన లాగౌట్. ఇద్దరూ తప్పు నిర్ణయానికే వస్తారు. 70 సెకన్లు ఎందుకంటే గడువు 60, సర్వరు గడియారంలో చిన్న తేడా ఉన్నా దాటిపోయేలా పది కలిపాం. 16 నిమిషాలూ అంతే.

ఏడో మెట్టులో ‘ఒక సెకను లోపు’ అన్నది తీసేస్తే టికెట్ మళ్లీ మొదటికొస్తుంది. సమయం మీద ఆధారపడే బగ్ ఏదైనా సరే, ఎంత ఆగాలి, ఎంత లోపు నొక్కాలి అన్న రెండు అంకెలే దాని తాళంచెవి.

‘రావాల్సింది’ దగ్గర ఒక చిక్కు ఉంటుంది. ‘లాగౌట్ కాకూడదు’ అని రాసేస్తే డెవలపర్ ‘ఎప్పటికీ కాకూడదా’ అని అడుగుతాడు, ఆ ప్రశ్న న్యాయమే. అందుకే 30 నిమిషాల నియమాన్ని అక్కడే ఎత్తి రాశాం. మీ దగ్గర ఆ నియమం ఏ పత్రంలో ఉందో దాని లింకు కూడా పెట్టండి. రాతలో ఎక్కడా లేకపోతే, టికెట్ రాసేముందు ప్రొడక్ట్ చూసుకునేవారిని అడిగి తేల్చుకోండి. మనసులో ఉన్న కోరికను నియమంలాగా రాయడం సరికాదు.

‘వచ్చింది’ దగ్గర కంటికి కనపడినవే రాయండి, కనపడిన వరసలో రాయండి. ‘టోకెన్ పాడైంది’, ‘సర్వరు క్రాష్ అయింది’ లాంటివి అక్కడికి తేకండి. మీ ఊహ బలంగా ఉంటే కింద ‘మా అనుమానం’ అని విడిగా ఒక వరస పెట్టండి: రెండు ట్యాబులూ ఒకే రిఫ్రెష్ టోకెన్‌తో వెళ్తున్నట్టుంది, జోడించిన లాగ్ చూడండి. ఊహ తప్పయినా అప్పుడు పైన రాసిన చూసిన సంగతులు చెడిపోవు. ఇంకో మాట, లాట్ పోయిన సంగతిని లాగౌట్‌తో కలిపి ఒక్క వాక్యంలో దాచేయకండి. మళ్లీ లాగిన్ కావడం చిరాకు, ఎక్కించిన లెక్క పోవడం నష్టం. ప్రాధాన్యం ఇచ్చేవారు రెండోదాన్ని బట్టే ఇస్తారు.

ఆధారాలు జోడించడం

లాగిన్ పేజీ స్క్రీన్‌షాట్ ఒక్కటే పెడితే దానివల్ల ఏమీ తెలియదు, ఆ పేజీ అందరూ చూసిందే. `Network` లో కనపడిన వరసను ఇలా నాలుగు గీతల్లో రాసి పెట్టండి. టైము అభ్యర్థన బయల్దేరినప్పటిది. చివర 200 ఉంటే సర్వరు ఒప్పుకున్నట్టు, 401 ఉంటే టోకెన్ చెల్లదని తిప్పి పంపినట్టు.

```
10:42:14.0  A  POST  /api/lots       401
10:42:15.0  B  GET   /api/patti/1    401
10:42:16.1  A  POST  /auth/refresh   200
10:42:17.1  B  POST  /auth/refresh   401
```

మూడో గీత, నాలుగో గీత మధ్య సరిగ్గా ఒక సెకను తేడా ఉంది. `3G` లో జవాబుకు రెండు సెకన్లు పడుతుంది, అంటే A కి కొత్త టోకెన్ చేరకముందే B బయల్దేరింది. సంగతి తెలిసిన డెవలపర్‌కు ఈ రెండు గీతలు చూస్తే చాలు.

టైము రాసేటప్పుడు పక్కన ఏ కాలమానమో రాయండి. సర్వరు లాగులు చాలాచోట్ల UTC లో ఉంటాయి, మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. పైన ఉన్న 10:42 ను సర్వరు లాగులో వెతకాలంటే 05:12 దగ్గర చూడాలి. రెండూ రాసి పెట్టండి. తేదీ మరవద్దు. వాడిన లాగిన్ పేరు ఇవ్వండి, పాస్‌వర్డ్ ఎప్పుడూ ఇవ్వకండి.

మొత్తం వరస కావాలంటే `Network` నుంచి HAR ఫైలు దించుకోవచ్చు. ఇక్కడ జాగ్రత్త అవసరం. HAR లో కుకీలు, టోకెన్లు ఉండొచ్చు. చెల్లుబాటులో ఉన్న టోకెన్ ఉన్న ఫైలును టికెట్‌కు జోడిస్తే, ఆ టికెట్ చూసే ప్రతివారికీ ఆ కొట్టు తాళం ఇచ్చినట్టే. కొత్త క్రోమ్‌లో `Export HAR (sanitized)` అనే ఎంపిక ఉంటుంది, అదే వాడండి. దించిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి `Cookie`, `Authorization` అని వెతికి, ఏమైనా మిగిలితే తీసేయండి. అసలు వాడేవారి కంప్యూటర్ నుంచి HAR తీసుకోవడం కంటే మన టెస్ట్ లాగిన్‌తో తీసింది పెట్టడమే మంచిది. అందులో రైతుల పేర్లు, ఖాతాల లెక్కలు ఉండవు.

సరిచేశారని టికెట్ తిరిగి వచ్చాక

అదే వరసను మళ్లీ నడపాలి, అదే `3G` తో, అదే ఒక సెకను తేడాతో. ఎన్నిసార్లు? ముందు 10 లో 9 సార్లు వచ్చిన బగ్ ఇప్పుడు ఐదుసార్లు వరసగా రాకపోతే పోయిందనే నమ్మొచ్చు. బగ్ ఇంకా ఉండి కూడా ఐదుసార్లు తప్పించుకునే అవకాశం లక్షకు ఒకటి.

కానీ `3G` పెట్టకుండా, 20 లో ఒకసారి వచ్చే తీరులో పరీక్షించి ‘ఇరవైసార్లు చూశాం, రాలేదు’ అంటే అది నిలబడదు. బగ్ అలాగే ఉన్నా ఇరవైసార్లు వరసగా రాకుండా ఉండే అవకాశం 36 శాతం, అంటే మూడింట ఒకటి కంటే ఎక్కువే. ఆ తీరులో 95 శాతం నమ్మకం కావాలంటే 60 ప్రయత్నాలు చేయాలి. బగ్‌ను ఎక్కువసార్లు వచ్చేలా తెప్పించే వరస కోసం మొదట్లో పడిన శ్రమ ఇక్కడ తిరిగి వస్తుంది.

దాంతోపాటు మరో రెండు చూడండి. ఒకటి, 31 నిమిషాలు ముట్టుకోకుండా వదిలేస్తే ఇప్పటికీ లాగౌట్ అవుతోందా? లాగౌట్ ఫిర్యాదు తీర్చే తొందరలో ఖాళీ సమయపు గడువు ఎగిరిపోతే, గుమాస్తా భోజనానికి పోయిన తర్వాత ఎవరైనా ఆ కంప్యూటర్ ముందు కూర్చోవచ్చు. రెండోది, ఈ వరసను మూడు ట్యాబులతో కూడా ఒకసారి నడపండి. రెండింటికే సరిపోయేలా చేసిన దిద్దుబాటు మూడోదాని దగ్గర తప్పుతుంది. ఈ రెండు ఫలితాలనూ, నడిపిన వెర్షన్ నంబరుతో, అదే టికెట్ కింద రాసి మూయండి. ఆ తర్వాత మొదట ఫోన్ చేసిన గుమాస్తాకు ఫోన్ చేసి, పొద్దున తూకాల వేళ ఒక వారం చూసి చెప్పమనండి.